కోతపడిన గురువారాలు

చంద్రశేఖర్ నిజాయితీపరుడు. బాగలూరు చుట్టుపక్కల ఎవరినడిగినా ఈ మాట ఒప్పుకుంటారు, ఒప్పుకుంటూనే మొహం కాస్త చిట్లిస్తారు. అతను కంపెనీ పెన్ను జేబులో పెట్టుకుని ఇంటికి పోయిన రోజు లేదు. కంపెనీ టీ రెండోసారి తాగిన రోజూ లేదు. అలాంటి మనిషిని దూరం నుంచి చూసి మెచ్చుకోవడం తేలిక. అతని చేతికింద జీతం తీసుకోవడమే కొంచెం కష్టం.

బాగలూరు దాటాక రోడ్డుకు ఎడమపక్క గులాబీలు పెంచే ఒక కంపెనీ ఉంది. ప్లాస్టిక్ గుడారాల్లో పూలు, పక్కనే కట్టలు కట్టే షెడ్డు, ఆ పక్కన రేకుల ఆఫీసు. ఆ ఆఫీసులో జీతాల లెక్క చూసేది చంద్రశేఖరే. బి.కాం. చదివాడు, వయసు ముప్పై నాలుగేళ్ళు. తల్లి మంజులమ్మ పోయాక ఊళ్ళో భూమి గుత్తకిచ్చి హోసూరులో అద్దె ఇంట్లో కాపురం పెట్టాడు. సొంత ఊరు కంపెనీకి నాలుగు కిలోమీటర్లే అయినా ఏ పెళ్ళికో తప్ప అటు పోడు.

అతని పని చెప్పడానికి చిన్నదే. నెలలో ముప్పై రోజులుంటే ముప్పైకీ లెక్క తేలాలి. పనికొచ్చిన రోజులు, వారపు సెలవులు, పండుగ సెలవులు, రాసిచ్చి పెట్టుకున్న సెలవులు, ఆదివారాలు పనిచేసినందుకు బదులుగా ఇచ్చిన సెలవులు, అన్నీ కూడితే ముప్పై రావాలి. ఎన్ని తగ్గితే అన్ని రోజుల జీతం కోత. దాన్ని ఆఫీసులో ఎల్‌ఓపీ అంటారు, పూలు కోసే ఆడవాళ్ళు కోత అంటారు. పేరేదైనా దెబ్బ ఒకటే. ప్రతినెలా ఇరవై అయిదున కంప్యూటరు ఇచ్చే కోతల జాబితాను ఒక్కొక్క పేరూ సరిచూసి సంతకం పెట్టేది ఇతనే. తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు రాలేదని మేనేజరు శశికుమార్ మీటింగుల్లో చెబుతుంటే, చంద్రశేఖర్ తల వంచుకుని వినేవాడు. వంచుకున్నది వినయంతో అని మనం అనుకోవాలి.

అతనికి ఒక భయం మాత్రం ఉండేది. పూలు కోసేవాళ్ళలో సగం మంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, అతని చుట్టాలో చుట్టాల చుట్టాలో. సొంతవాళ్ళకు లెక్క సర్దుతున్నాడని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ మాట ఎవరూ అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే ఇతనే ముందు భుజాలు తడుముకునేవాడు. అందుకని పరాయివాళ్ళు వచ్చి అడిగితే ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పేవాడు, సొంత ఊరివాళ్ళు వస్తే మాత్రం మొహం గంటు పెట్టుకునేవాడు. దాన్నే నిజాయితీ అనుకున్నాడు పాపం.

మునివెంకటమ్మ అతనికి అత్త వరస. ఊళ్ళో వాళ్ళ పొలమూ వీళ్ళ పొలమూ ఒకే గట్టు. రెండేళ్ళ కిందట ఆమె తాత్కాలికం పనిలో చేరడానికి వచ్చి, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి నవ్వుతూ, "ఏం శేఖరా, బాగుండావా నాయనా?" అంది. గదిలో ఇద్దరు తమిళం గుమాస్తాలు తలెత్తి చూశారు. చంద్రశేఖర్‌కు చెవులు వేడెక్కాయి.

"ఈడ వరసలొద్దమ్మా. ఆఫీసులో అందరూ సార్ అనాల," అన్నాడు.

"అట్నే సార్," అంది ఆమె వెంటనే. నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

పూలకు ఆదివారమని తెలియదు. ఏ రోజు విచ్చుకునేది ఆ రోజు కొయ్యాల్సిందే, లేకపోతే ఎగుమతికి పనికిరాదు. అందుకే అందరికీ ఒకేరోజు సెలవు ఉండదు. ఒక్కో గుడారానికి అయిదుగురు ఆడవాళ్ళు, రోజుకొకరికి వారపు సెలవు, మిగతా నలుగురూ పనిలో. మూడో గుడారంలో మునివెంకటమ్మకు మంగళవారం, ఆమె స్నేహితురాలు సుగంధికి గురువారం. ఎవరికి ఏ వారమన్నది కంప్యూటర్లో ఎక్కించింది కూడా చంద్రశేఖరే.

మరుసటేడు మార్చి నుంచి మునివెంకటమ్మ పేరు కోతల జాబితాలో కనిపించడం మొదలయింది. నెలకొక గురువారం. హాజరుకు ముఖం చూపించే యంత్రం ముందు ఆమె నిలబడలేదు, సెలవు చీటీ లేదు, తాత్కాలికం వాళ్ళకిచ్చే కొద్దిపాటి సెలవులు అప్పటికే అయిపోయాయి. మూడూ చూశాడు, సంతకం పెట్టాడు. లెక్క ప్రకారం అది సరైన కోతే.

ఆమె మూడుసార్లు అడిగింది. మొదటిసారి మెల్లగా, "దానికి బదులు మంగళారం వచ్చి చేసినాను సార్," అంది. సూపర్‌వైజరుతో రాయించుకురమ్మన్నాడు. ఏం రాయించాలో, ఎలా రాయించాలో ఆమెకు అర్థం కాలేదు. ఇతను చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు తల కూడా ఎత్తలేదు. మూడోసారి అక్టోబరు మొదట్లో, జీతం చీటీలిచ్చే రోజు. కిటికీ ముందు ఆడవాళ్ళ వరస వంపు తిరిగి ఉంది.

"సార్, ఈ నెల గూడా ఒక దినం కోసినారు. నేనూ సుగంధీ మార్చుకున్నాము సార్."

చంద్రశేఖర్‌కు ఓపిక పోయింది. సొంత ఊరిమనిషి, అందరిముందూ. ఇప్పుడు గట్టిగా చెప్పకపోతే రేపు ఊరంతా వస్తుందనుకున్నాడు.

"మార్చుకునేది మీ ఊళ్ళో పెట్టుకోండమ్మా. పనికి రాని దినానికి జీతం అడిగేదానికి సిగ్గుండాల. ఇట్లా నాగాలు పెట్టేవాళ్ళని పర్మనెంటు చేసేదెట్లా?"

మునివెంకటమ్మ చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. "ఇంక నాగా రానీను సార్," అని వెళ్ళిపోయింది.

నిజంగానే రానివ్వలేదు. అక్టోబరులో కోత లేదు, నవంబరులో లేదు, డిసెంబరులో లేదు. ఆ మూడు నెలలూ సరిచూసిన ప్రతిసారీ చంద్రశేఖర్‌కు మనసులో ఒక చిన్న సంతోషం. మందలింపు పనిచేసింది, మనిషి దారికొచ్చింది అనుకున్నాడు. ఒకసారి భార్యతో కూడా చెప్పుకున్నాడు.

జనవరిలో కంపెనీ ఒక నిర్ణయం తీసుకుంది. తాత్కాలికం వాళ్ళలో కొందరిని పర్మనెంటు చేస్తారు. ఏడాదిలో కోత మూడు రోజులు దాటి ఉండకూడదు, వయసు నలభై ఆరు దాటకూడదు. మునివెంకటమ్మకు సరిగ్గా నలభై ఆరు. ఈసారి పోతే ఇక ఆమెకు ఈ జన్మకు పర్మనెంటు లేదు. పర్మనెంటు కాని వాళ్ళను జూన్ తరువాత కాంట్రాక్టు మేస్త్రీకి అప్పగిస్తారని కూడా వినికిడి. అదే జరిగితే పని ఉన్నరోజు కూలి, లేనిరోజు లేదు.

జాబితా పంపేముందు ప్రతి కోతనూ మళ్ళీ సరిచూడమని శశికుమార్ చెప్పాడు. "ఎవురన్నా లేబర్ ఆఫీసుకు పోతే మనం చూపించుకునేటట్టు ఉండాల చంద్రశేఖర్. ఆ దినం గుడారంలో ఎవురెవురుండారో దాంతో గూడా పోల్చి చూడు," అన్నాడు. ఇదివరకు ఎప్పుడూ అలా చూడలేదు. మనిషి వరసన చూడటమే అలవాటు, గుడారం వరసన చూడాల్సిన అవసరం రాలేదు.

మునివెంకటమ్మవి ఏడు కోతలు. ఎలాగూ పోయేదే కదా అని ఆమె పేరు ముందు తీశాడు. ఏప్రిల్లో ఒక గురువారం. మూడో గుడారం. అయిదుగురిలో సుగంధికి వారపు సెలవు, మునివెంకటమ్మ రాలేదు. ముగ్గురుండాలి. యంత్రంలో మాత్రం నలుగురు మొహాలు చూపించారు. నాలుగో మొహం సుగంధిది.

యంత్రం తప్పేమో అనుకుని మే నెల తీశాడు. నలుగురు. జూన్, నలుగురు. ఆమె రాని ప్రతి గురువారమూ సెలవులో ఉండాల్సిన సుగంధి పొద్దున ఆరుకే వచ్చి ఉంది. చంద్రశేఖర్ ఇప్పుడు మంగళవారాలు తీశాడు. ప్రతిసారీ ఆ వారమే మంగళవారం, తన సెలవు రోజున, మునివెంకటమ్మ వచ్చి పూర్తిగా పనిచేసింది. ఆ రోజు రానిది సుగంధి. ఆమెకూ ఒక కోత.

ఇన్నాళ్ళూ ఇది కంటపడకపోవడానికి కారణం వెతకడానికి అతను దూరం పోనక్కర్లేదు. వారపు సెలవు నాడు వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటరు వేరే ఒక వరసలో చూపిస్తుంది. రెండేళ్ళ కిందట కొందరు ఊరికే వచ్చి కూర్చుని ఓవర్‌టైం అడుగుతున్నారని, పైనుంచి ఉత్తరం ఉంటే తప్ప ఆ వరసను సున్నా చేసేయమని ఏర్పాటు చేసింది తనే. ఆ ఏర్పాటుకు శశికుమార్ భుజం కూడా తట్టాడు. వచ్చిన రోజు సున్నా, రాని రోజు కోత. ఇద్దరు మనుషులు రోజు మార్చుకుంటే, ఇద్దరూ చెరొక రోజు పని ఊరికే చేసినట్టు.

లేచి మూడో గుడారానికి నడిచాడు. తొమ్మిదేళ్ళలో గుడారం లోపలికి పోయింది నాలుగైదుసార్లు కూడా ఉండదు.

సూపర్‌వైజరు తిలక్ పురుగుమందు డబ్బా పక్కన పెట్టి, "మార్చుకుంటారు సార్, ఎప్పుడూ ఉండేదే. నన్నడిగే మార్చుకుంటారు. నాకు నలుగురుంటే చాలు, పూలు నిలవకూడదు. దానికి కాగితం రాయాలని ఎవురూ చెప్పలేదే," అన్నాడు. దాచేందుకు అతని దగ్గర ఏమీ లేదు.

సుగంధి కత్తెర కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె తెలుగులో సగం తమిళం. చంద్రశేఖర్ కొంచెం గొంతు తగ్గించి అడిగాడు.

"నీకూ కోత పడింది గదా. నువ్వెందుకు అడగలేదు?"

"నాకేం నష్టం లేదు సార్. అక్క ఇచ్చేస్తుంది."

"ఏం ఇచ్చేస్తుంది?"

"నాకు కోసిన దినం జీతం. వద్దంటే వినదు సార్. 'మార్చుకుందామని అడిగింది నేను గదా, నీకు నష్టం రాకూడదు' అంటుంది. పొలం పనిలో అట్నే అంట. నాకు తెలీదు, మాది ధర్మపురి పక్క."

చంద్రశేఖర్‌కు తెలుసు. తెలియకేం, బాగా తెలుసు. రాగి చేలో కలుపుకు ఈ రోజు నువ్వు మా చేనికి వస్తే, రేపు నేను మీ చేనికి వస్తాను. రూపాయి చేతులు మారదు, రోజుకు రోజు. పిలిచినవాళ్ళు ఎదుటివాళ్ళకు నష్టం రానివ్వకూడదన్నది అందులో మొదటి మాట. అతనికి పదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి తల్లి హోసూరు ఆసుపత్రిలో అతని మంచం దగ్గరే ఉండిపోతే, వీళ్ళ చేనంతా కలుపు తీసింది కొత్తగా కాపురానికొచ్చిన మునివెంకటమ్మే. ఆ రోజులు తల్లి తరువాత చిక్కుడు కోతల్లో తీర్చింది, కొన్ని తీర్చకుండానే పోయింది. అలాంటి ఇంట్లో పుట్టి, ఆ మాట కిటికీ దగ్గర విని, సాకు అనుకున్నాడు. సిగ్గుండాలని కూడా అన్నాడు.

"ఆ గురువారాలు ఆమె యాడికి పోయేది?" అన్నాడు.

"మొగుణ్ణి పెద్దాసుపత్రికి పిలుచుకుపోయేది సార్. షుగరు. గురువారమే కాలి డాక్టరు వస్తాడంట." సుగంధి మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయింది. మునివెంకటమ్మ అవతలి చివర, వీపు ఇటు పెట్టి పూలు కోస్తూ ఉంది. చంద్రశేఖర్ ఆమె దగ్గరికి పోలేకపోయాడు. పోవాలని రెండడుగులు వేసి, ముళ్ళ కొమ్మ తగిలినట్టు నటించి వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం ఇంకో పని చేయొచ్చు అతను. నోరు మూసుకుని జాబితా పంపేయొచ్చు. కాగితం లేదు కాబట్టి కోత సరైనదే అనొచ్చు, అడిగేవాడు లేడు. తొమ్మిదేళ్ళ పేరు నిలుస్తుంది. ఆ ఆలోచన రాలేదని అబద్ధం ఎందుకు, వచ్చింది. టీ చల్లారేదాకా ఉంది. తరువాత లేచి శశికుమార్ గదిలోకి పోయాడు.

అంతా విన్నాక మేనేజరు, "ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

"ఈమెది ఏడు నెలలు సార్. వేరే గుడారాల్లో గూడా ఉండాయి, ఇంకా చూస్తా ఉండాను."

"ఆమె ఎప్పుడూ అడగలేదా?"

"అడిగింది సార్. మూడుసార్లు."

"మరి?"

"నేను వినలేదు సార్."

శశికుమార్ తిట్టలేదు. తిడితే బాగుండునని చంద్రశేఖర్‌కు అనిపించింది. "నువ్వా ఈ మాట చెప్తుండేది," అన్నాడు. "సరే. తిలక్‌తో రాయించుకుని కోతలు తీసేయి. పాత బాకీలు ఈ నెల జీతంలో వేసేయి. ఇంక మీదట మార్చుకునేదానికి ఒక కాగితం పెట్టు."

వారం రోజులు కూర్చుని అందరివీ సరిచేశాడు. మునివెంకటమ్మ కోతలు ఏడూ పోయాయి, సుగంధివీ పోయాయి, వేరే గుడారాల్లో మరికొందరివీ. పర్మనెంటు జాబితాలో మునివెంకటమ్మ పేరు ఎక్కింది. ఆర్డరు కాగితాలు శనివారం వచ్చాయి. మిగతావాళ్ళవి కిటికీ దగ్గర ఇచ్చి, ఆమెది మాత్రం జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి పోయి ఇవ్వాలి, తప్పయిపోయిందని చెప్పాలి, అత్తా అని పిలవాలి. తన సెలవు ఆదివారం కాబట్టి, ఆమె పనినుంచి వచ్చే వేళకు పోవాలనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం బాగలూరులో ఆపిల్ పండ్లు కొన్నాడు. షుగరు మనిషింటికి పోతున్నానని గుర్తొచ్చి, మళ్ళీ కొట్లోకి పోయి వాటిని మార్చి జామకాయలు తీసుకున్నాడు. బండి మీద దారి పొడవునా ఏమనాలో కూడబలుక్కుంటూనే ఉన్నాడు. మనసు కాస్త తేలికపడింది కూడా. చేసిన తప్పు దిద్దుకున్నాను, ఉద్యోగం నిలబెట్టాను, ఇంకేం కావాలి అనుకున్నాడు.

మునివెంకటమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది. అతన్ని చూడగానే చీపురు కిందపడేసి కొంగు సర్దుకుంది. చిన్నప్పుడు ఈ వాకిట్లోకి వస్తే, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి రాగి ముద్ద చేతిలో పెట్టేది. ఇప్పుడు లోపలికి పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాన్ని కొంగుతో రెండుసార్లు తుడిచింది.

"కూర్చోండి సార్."

"అత్తా, సార్ ఏంది? ఇది ఆఫీసా?" అన్నాడు. ఎలా నవ్వాలో తెలియక నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎందుకొచ్చాడోనని భయంగా చూస్తూ ఉంది.

చంద్రశేఖర్ కాగితం తీసి చేతికిచ్చాడు. "నీకు పర్మనెంటు అయింది అత్తా. ఆ కోతలన్నీ తప్పు. తప్పు నాది. డబ్బు ఈ నెల వచ్చేస్తుంది."

ఆమె కాగితాన్ని కళ్ళకద్దుకుంది. "మీ పుణ్యం సార్," అంది. ఆ మాట అతనికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. వద్దని చెప్పబోయేంతలో లోపలినుంచి మంచం కిర్రుమంది.

"ఎవురు మునెంకటా?" అన్నాడు ఆమె భర్త శివప్ప.

చంద్రశేఖర్ గడపలోంచి తొంగిచూశాడు. శివప్ప గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు దుప్పటి మీదకు చాచి ఉంది, పాదానికి గుడ్డ కట్టు. కట్టు ఒకవైపు పలచగా, ఉండాల్సిన చోట ఏమీ లేనట్టు ఉంది.

"ఏమయింది మామకు?"

"రెండు వేళ్ళు తీసేసినారు సార్. దీపావళి అయినాక. పుండు నల్లబడిపోయింది."

"నెలనెలా చూపిస్తా ఉండారు గదా?"

"సెప్టెంబరు దాకా చూపించినాము. ఆయనకు కండ్లు సరిగా కనపడవు, ఒక్కడే బస్సెక్కలేడు. నేను పోతే కోత పడుతుంది." ఆమె తప్పు చెప్పుకుంటున్నట్టుగా మాట్లాడుతోంది. "వేళ్ళు తీసే దినం గూడా మా తమ్ముణ్ణి పంపినాను సార్, నేను డ్యూటీకే వచ్చినాను."

ఆమె వారపు సెలవును మంగళవారం నుంచి గురువారానికి మార్చడం కంప్యూటర్లో ఒక నిమిషం పని. గురువారమే ఎందుకు రావడం లేదమ్మా అని చంద్రశేఖర్ ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అడగలేదు. ఆ మూడు నెలల లెక్క చూసి సంతోషపడ్డాడు, భార్యకు చెప్పుకున్నాడు. ఈ సిగ్గును ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. పాత బాకీలో వేసి తిరిగిచ్చేది కాదు ఇది.

"నాకొక మాట చెప్పకపోతివే అత్తా," అన్నాడు.

అతను ఇంకా అనుమానపడుతున్నాడని ఆమె అనుకుంది కాబోలు. కాగితాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వాకిట్లో నిటారుగా నిలబడింది.

"మీరు ఆ పొద్దు చెప్పినాక నేను ఒక్క దినం గూడా నాగా పెట్టలేదు సార్. కావాలంటే లెక్క చూసుకోండి."